పోలయ్య మీసం, నిమిషాల ముల్లు

పోలయ్య పోయిన ఏడాదికి, సంవత్సరీకం నాడు, కొడుకు చంద్రమౌళి ఆయన్ని గడియారంలోకి ఎక్కించాడు. ఫొటో ఇస్తే దాన్ని పెద్దది చేసి, గోడగడియారం డయల్ మీద అతికించి ఇచ్చే కొట్టు బిలాస్‌పూర్‌లో ఒకటుంది. అక్కడ పుట్టినరోజు పిల్లలు, పెళ్లి జంటలు, బాబాలు, అందరూ ఒకే వరసలో టిక్కుటిక్కుమంటూ వేలాడుతుంటారు. ఆ వరసలోంచి పోలయ్య రైల్వే క్వార్టర్ ముందుగదిలోకి వచ్చి, టీవీ పైన మేకుకు తగులుకున్నాడు.

కొట్టువాడు చేసిన పని బాగానే ఉంది గానీ, ముళ్లకోసం వేసిన బెజ్జం సరిగ్గా పోలయ్య ముక్కు మీద పడింది. బతికినన్నాళ్లూ నస్యం దట్టించిన ముక్కు అది. ఇప్పుడు అందులోంచి గంటల ముల్లు, నిమిషాల ముల్లు, సెకన్ల ముల్లు బయటికి పొడుచుకొచ్చాయి. ముక్కు కింద మీసం. ఆ మీసం పోలయ్య ఆస్తి. గూడ్సు బండి గార్డుగా ఉన్న కాలంలో బండి ఏ లూప్‌లైన్లో పడి ఎన్ని గంటలు ఆగినా ఆయన దిగులుపడలేదు, మీసం దువ్వుకుంటూ కూర్చునేవాడు. ఆ మీసం మీదుగా ఇప్పుడు కాలం తిరుగుతోంది.

అంతవరకూ ఫరవాలేదు. చిక్కల్లా చేపల దగ్గర వచ్చింది.

రిటైరయ్యాక పోలయ్య ఒక భజన మండలిలో చేరి, మెడలో తులసిపూస వేసుకుని, ఇంట్లో నీసు బంద్ అని ప్రకటించాడు. విజయనగరం పక్కనుంచి వచ్చి రెండు తరాలుగా బిలాస్‌పూర్‌లో ఉప్పుచేప వాసనతోనే ఉనికి చాటుకుంటున్న కుటుంబం అది. పోలయ్య పెళ్లాం అప్పలనర్సమ్మకు ఎండునెత్తళ్లు లేని వంకాయకూర కూర కాదు, వంకాయే. అయినా ఆవిడ ఎదురు చెప్పలేదు. ఆయన పోయాక కూడా ఆ కట్టుబాటు అలవాటు మీద అలాగే నడిచిపోయింది. కోడలు ప్రసూనకు మాత్రం నోరు కట్టేసినట్టే ఉండేది. పోయినవాడు పోతూ పోతూ తన నాలుక కూడా పట్టుకుపోయాడని చుట్టాల్లో అనేది కూడా.

వానలు మొదలైన ఆషాఢంలో అప్పలనర్సమ్మకు జ్వరమొచ్చి తగ్గింది. నోరు చప్పబడిపోయింది. ఏం పెట్టినా రెండు మెతుకులు కెలికి కంచం తోసేసేది. ప్రసూన చూసి చూసి, ఒక ఆదివారం పొద్దున్నే, పేరులో బుధవారమున్నా రోజూ ఉండే బుధవారీ బజార్‌కి వెళ్లి ఎండునెత్తళ్లు కొనుక్కొచ్చింది. అత్తగారిని అడగలేదు. అడిగితే వద్దంటుంది, వండితే తింటుంది అని ప్రసూన లెక్క.

నెత్తళ్లు బాణలిలో పడ్డాయి. వాసన వంటింటి గుమ్మం దాటి, ముందుగది దాటి, పక్క క్వార్టర్ దాకా వెళ్లింది. మంచం మీద పడుకున్న అప్పలనర్సమ్మ లేచి కూర్చుంది. ముక్కు ఎగబీల్చింది. చేతికర్ర కూడా లేకుండా ముందుగదిలోకి నడిచొచ్చింది. రాగానే అలవాటుగా టీవీ పైకి చూసి, అక్కడే నిలబడిపోయింది.

గడియారం ఆగిపోయి ఉంది. పోలయ్య చూపు, మీసం, ఏవీ చెక్కుచెదరలేదు. సెకన్ల ముల్లు మాత్రం ఆయన చెవి దగ్గర గిలగిల కొట్టుకుని, పైకి పోలేక, ఉన్నచోటే ఉంది.

"ఆపీసినాడు" అంది అప్పలనర్సమ్మ.

తర్వాత ఎవరెంత బతిమాలినా ఆవిడ ఆ కూర ముట్టలేదు. ఆవిడ ముట్టనిది తనకూ వద్దంది ప్రసూన. ముసలావిడ పక్కన పెట్టిన పాపాన్ని చంద్రమౌళి ఒక్కడే, చారెడన్నం ఎక్కువ పెట్టించుకుని, తుడిచిపెట్టేశాడు.

చంద్రమౌళి ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో సీనియర్ టెక్నీషియన్. పైన తీగలో ఇరవై అయిదు వేల వోల్టులు పారే ఇంజన్లకు వైద్యం చేసేవాడు. ఒకటిన్నర వోల్టు గడియారం తనకొక లెక్కా అని, భోజనం అయ్యాక స్టూలెక్కి తండ్రిని కిందికి దించాడు. వెనక్కి తిప్పి చూస్తే రోగం కళ్లెదుటే ఉంది. సెల్లు కారిపోయింది. తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు పొక్కులు, స్ప్రింగు చుట్టూ ఆకుపచ్చని చిలుము.

ఆ సెల్లు టీవీ రిమోట్‌లో పనిచెయ్యడం మానేశాక దాన్ని తీసి గడియారంలో వేసింది చంద్రమౌళే. గడియారానికి పెద్ద కరెంటు అక్కర్లేదని అప్పట్లో భార్యకు పాఠం కూడా చెప్పాడు. ప్రసూన ఆ సంగతి మర్చిపోలేదు.

"మావగారికి రిమోటు ఎంగిలి పెట్టేరు. మరి ఆగిపోరా?" అంది.

చంద్రమౌళి సెల్లు తీసి పారేశాడు. గరుకు కాగితం ముక్కతో స్ప్రింగును, అవతలి రేకును రాగిడబ్బు రంగు తేలేదాకా గీకాడు. దూదికి స్పిరిట్ అద్ది తుడిచి ఆరబెట్టాడు. స్ప్రింగు నొక్కుకుపోయి ఉంటే వేలితో కొంచెం ముందుకు లాగాడు. కొత్త సెల్లు వేయగానే పోలయ్య టిక్కుమన్నాడు.

అప్పుడు వెళ్లి తల్లికి సాక్ష్యాలతో సహా వివరించాడు. ఆగిన గడియారం తను ఎప్పుడు ఆగిందో తనే చెబుతుంది కదా. అది ఆగింది ఏడుంబావుకి. ఏడుంబావుకి నెత్తళ్లు ఇంకా బజార్లో గోనె మీద ఉన్నాయి. ఇంట్లో ఎవరూ గోడవైపు చూడలేదు కాబట్టి తెలియలేదు, అంతే. చేపలకీ గడియారానికీ సంబంధం లేదు.

అప్పలనర్సమ్మ అంతా విని తలూపింది.

"మీ అయ్యకి ఏదైనా ముందే తెలిసిపోయీదిరా" అంది.

చంద్రమౌళి మళ్లీ స్టూలెక్కి తండ్రిని మేకుకు తగిలించాడు.

మళ్లీ ఆదివారం ప్రసూన పంతం పట్టింది. ఈసారి అత్తగారిని ముందే తీసుకొచ్చి గడియారానికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. పొయ్యి వెలిగించేటప్పుడూ చూడమంది, నెత్తళ్లు వేసేటప్పుడూ చూడమంది, దించేటప్పుడూ చూడమంది. పోలయ్య టిక్కు తప్పలేదు. కూతురు తేజస్వి నాయనమ్మ పక్కన కూర్చుని, "దేఖో నానమ్మా, తాతకి ఓకే" అని భరోసా ఇచ్చింది. అప్పలనర్సమ్మ కంచం ముందు కూర్చుంది. ఒక ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. ఆవిడ మొహంలో అయిదారేళ్లు వెనక్కి వెళ్లినట్టు కనిపించిందని ప్రసూన తర్వాత చెప్పింది.

రెండో ముద్ద ఎత్తుతుండగా తేజస్వి చేతిలో ఫోన్ చూసి, గోడవైపు చూసి, అమాయకంగా, గడియారం ఇరవై నిమిషాలు లేటు నడుస్తోందని అనేసింది.

ముద్ద కంచంలోకి తిరిగి వచ్చేసింది.

"తొందరపడకుండా కోప్పడతన్నాడు" అంది అప్పలనర్సమ్మ, చెయ్యి కడుక్కుంటూ.

ఆ లేటు మాట అబద్ధం కాదు. పొద్దున సరిచేస్తే మధ్యాహ్నానికి పావుగంట, సాయంత్రానికి అరగంట వెనకబడుతోంది. మర్నాడు, రాత్రే సరిచేశాను కదా అని ఆ గడియారాన్ని నమ్ముకుని చంద్రమౌళి షెడ్‌కి ఆలస్యంగా చేరి, చుట్టూ కుర్రాళ్లు నవ్వుతుండగా ఇన్‌ఛార్జి చేత మాటలు పడ్డాడు. ఇది గూడ్సు గార్డు గడియారం సాబ్, దానికి లైన్ క్లియర్ దొరకలేదు అని ఎవడో అన్నాడు. చంద్రమౌళికి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, కుర్చీ వేసుకుని తండ్రి ముఖంలో ముఖం పెట్టి కూర్చున్నాడు. బతికి ఉండగా ఎప్పుడూ అంతసేపు చూసింది లేదు. చూడగా చూడగా దొంగ దొరికాడు. నిమిషాల ముల్లు పన్నెండు నుంచి కిందికి హాయిగా దిగుతోంది. ఆరు దాటి మళ్లీ పైకి ఎక్కేటప్పుడు, ఎడమపక్క మీసం కొస దగ్గరికి వచ్చాక, ఆగుతోంది. సెకన్ల ముల్లు ముందుకు అడుగు వెయ్యబోయి వెనక్కి తగ్గుతోంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఆ అదురుకి మీసం దాటుకుని మళ్లీ బయల్దేరుతోంది. గంటకోసారి అదే చోట అదే తిప్పలు.

అద్దం విప్పి, డయల్‌ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే ఇంకా తేటపడింది. వానాకాలం చెమ్మకి, అతికించిన ఫొటో కాగితం ఆ మీసం కొస దగ్గర బుడగలా లేచింది. ముల్లు దాని మీద ఒరుసుకుని ఒరుసుకుని నల్లమీసంలో తెల్లగా గీత పడింది.

"మీసం అడ్డమొస్తంది" అని చంద్రమౌళి ప్రకటించాడు.

"బతికున్నప్పుడూ అదే కదా" అంది ప్రసూన వంటింట్లోంచి.

ముందు బొటనవేలితో నొక్కి బుడగ అణిచాడు. కాఫీ తాగి వచ్చేసరికి మళ్లీ లేచింది. అక్కడివరకూ బ్లేడుతో కోసి తీసేస్తే సరిపోతుందని ప్రసూన సలహా ఇచ్చింది. అప్పలనర్సమ్మ మంచం మీంచే వద్దంది. మంగలి చేత కూడా ముట్టుకోనివ్వని మీసం, కొడుకు చేత కోయిస్తారా అని. ఇక మిగిలింది ముల్లునే పైకి వంచడం. చంద్రమౌళి దాని కొస కొంచెం ఎత్తాడు. ఇప్పుడది మీసం దాటింది గానీ, పైన తిరిగే సెకన్ల ముల్లుకి తగులుకుంది. రెండూ కలిసిన చోట పెనవేసుకుని నిలబడ్డాయి.

అక్కడ ఆయనకు కోపం వచ్చింది. ముళ్లను వేళ్లతో పట్టుకుని నిటారుగా పైకి లాగాలి. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. కానీ ఇంజన్లతో పనిచేసే చెయ్యి, స్క్రూడ్రైవర్ కొస ముల్లు కిందికి దోపి ఒక్క ఎత్తు ఎత్తింది. ముల్లు ఊడింది. దానితోపాటు లోపల ఏదో చిన్నగా టక్కుమంది. మళ్లీ బిగించి చూస్తే సెకన్ల ముల్లు పరుగెత్తుతోంది, మిగతా రెండూ ఎక్కడివక్కడే. లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగిపోయింది.

పళ్లెం పెట్టడానికి వచ్చిన అప్పలనర్సమ్మకు భోజనాల బల్ల మీద వెల్లకిలా పడుకున్న మొగుడు కనిపించాడు. ముక్కు ఉన్నచోట బెజ్జం. పక్కన విడిగా ముళ్లు. ఆవిడ బల్ల మీదున్న పచ్చడి జాడీ ఆయనకు కొంచెం దూరంగా జరిపి వెళ్లిపోయింది.

తేలిపారా పేటలో రాకేష్ అనే అతనిది గడియారాల కొట్టు. చంద్రమౌళి పాత మిషను జేబులో వేసుకుని వెళ్లి, అలాంటిదే ఒకటి కొనుక్కొచ్చాడు. బిగించి చూస్తే పాత కథే. మిషను కొత్తదే, ముళ్లు తొడిగే దాని ముక్కు మాత్రం పొట్టిది. నిమిషాల ముల్లు మళ్లీ మీసాన్ని రాస్తోంది. దాంతో రెండోసారి వెళ్లాడు. ఈసారి మిషను ఒక్కటే కాదు, డయల్‌ని, ముళ్లని, గుడ్డసంచిలో తండ్రిని మొత్తంగా పట్టుకెళ్లాడు.

రాకేష్ సంచిలోంచి తీసి చూసి, చేతులు జోడించి, ఆ తర్వాతే స్కేలు పెట్టాడు. అతను హిందీలో చెప్పిన దాని సారాంశం ఇదీ. డయల్ మందం చూసుకోకుండా మిషను కొంటే ఇలాగే ఉంటుంది. బెజ్జంలోంచి వచ్చే మరలగొట్టం పొడుగుంటే ముళ్లు పైకి లేస్తాయి, కాగితం బుడగకు అందవు. కాకపోతే అంత పొడుగుది తన దగ్గర ఒక్కటే రకం ఉంది. అది చప్పుడు చెయ్యదు, సెకన్ల ముల్లు ఆగి ఆగి కాకుండా జారుతూ పోతుంది. పాత ముళ్ల బెజ్జాలు దానికి సరిపోతాయో లేదో అక్కడే తొడిగి చూశాడు. సరిపోయాయి.

ఇంటికొచ్చాక చంద్రమౌళి ఈసారి స్క్రూడ్రైవర్‌ని అలమరలో పెట్టేశాడు. వెనకనుంచి రబ్బరు వాషరుతో మిషను దూర్చి, ముందునుంచి నట్టు వేలితోనే బిగించాడు. వెనక చక్రం తిప్పి, గంటల ముల్లు పన్నెండు మీద నొక్కాడు, దాని మీద నిమిషాల ముల్లు అదే పన్నెండు మీద. తల్లి చూస్తుండగా చక్రం మెల్లగా తిప్పి ఒక పూర్తి చుట్టు తీసుకెళ్లాడు. నిమిషాల ముల్లు మీసం మీదుగా, మీసానికి అంటకుండా, గాలిలో దాటిపోయింది. చివర సెకన్ల ముల్లు తొడిగి అద్దం పెడితే, అది కాస్తా అద్దాన్ని గీరింది. గొట్టం పొడుగైన ఫలితం. చంద్రమౌళి తిట్టబోయి ఆగి, సెకన్ల ముల్లు పీకి డబ్బాలో వేసేశాడు. అది లేకపోయినా మిగతా రెండూ తిరుగుతాయి.

పోలయ్య మళ్లీ గోడెక్కాడు.

ఇప్పుడు కొత్త ఇబ్బంది. టిక్కు లేదు, సెకన్ల ముల్లు లేదు. గడియారం నడుస్తోందో ఆగిందో చూస్తే తెలియదు. నడుస్తోందని చంద్రమౌళి అన్నాడు. ఆగినట్టే ఉందని తేజస్వి అంది. అప్పలనర్సమ్మ ఎవరి మాటా వినకుండా కుర్చీ గోడ దగ్గరికి లాగించుకుని, మధ్యాహ్నమంతా మొగుడి ఎదురుగా కూర్చుంది. ముల్లు కదులుతుందేమో చూస్తాను, మీ పని మీరు చూసుకోండి అంది.

మొదట్లో ఇల్లంతా ఆవిడ వైపు ఓ కన్నేసి ఉంచింది. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ప్రసూన బియ్యం ఏరుతూ పక్కన కూర్చుంది. చంద్రమౌళి పేపరు చదువుతున్నట్టు పడుకున్నాడు. చాలాసేపటికి అప్పలనర్సమ్మ, గడియారం మీంచి కళ్లు తిప్పకుండానే, కోడలితో మాట్లాడినట్టు అంది.

"ఆ మీసం వాసనేసీదొలే."

ప్రసూన చేట ఆపింది.

"లాల్‌ఖదాన్‌లో శంకరరావుగోరింట్లో భజన అని యెళ్లీవోడు. ప్రతి గురువారం. తిరిగొచ్చి పక్కన పడుకుంటే మీసం నిండా నెత్తళ్ల వాసన. శంకరరావు పెళ్లాం వండీది. ఆ గుంపుకి ప్రసాదం అదే."

చంద్రమౌళి చేతిలో పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. తండ్రి తులసిపూస, తెల్లపంచె, నీసు ముట్టిన ఇంట్లో నీళ్లు కూడా తాగనని పెళ్లిళ్లలో పెట్టిన గొడవలు, ఒక్కొక్కటే కళ్లముందు తిరిగాయి. తన పెళ్లప్పుడు మామగారింట వండిన కోడికూరను ఆయన పెరట్లో పోయించాడు కూడా.

"నీకు తెలిసీ ఏటీ అనలేదేటమ్మా?" అన్నాడు.

"ఏటని అంతాను? తిన్నందుకు కాదురా నాకు మంట. ఒక్క గురువారమన్నా ఆకులో ఇంత సుట్టుకుని తెచ్చినాడా? నువ్వూ తినే అన్నాడా? మొన్న గడియారం ఆగినప్పుడు కూడా అదే అనుకున్నాను. సచ్చి కూడా నా నోటికాడ సెయ్యి అడ్డెట్టినాడు అని. అందుకే తోసీసినాను. బయపడి కాదు, కోపమొచ్చి."

ప్రసూన నవ్వు ఆపుకోలేక చేట పక్కన పెట్టింది. ఆ నవ్వు విని అప్పలనర్సమ్మ కూడా మొదట పెదాలు బిగించి, తర్వాత వదిలేసి, భుజాలు కదిలేలా నవ్వింది. కళ్లనీళ్లు వచ్చాయి. అవి నవ్వుకొచ్చినవో మరోదానికొచ్చినవో చంద్రమౌళి తేల్చుకోలేకపోయాడు. తనకూ నవ్వాలనే ఉంది. పదేళ్లపాటు బయట ధాబాల్లో దొంగచాటుగా చేపలు తిని, ఇంటికొచ్చేముందు సోంపు నమిలి, ఎంత భయపడ్డాడో తలుచుకుంటే మాత్రం మొహం ఎర్రబడింది. ఆ తండ్రికి ఈ కొడుకు, ఇద్దరూ ఒకే వాసన మోసుకుని, ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాళ్లన్నమాట.

"కదిలింది" అంది అప్పలనర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇందాక ముల్లు ఇక్కడుండీది, ఇప్పుడక్కడికొచ్చింది. నడుస్తన్నాది."

ఆ రాత్రి ఆవిడ మజ్జిగన్నం కడుపునిండా తింది. చేపల మాట ఎవరూ ఎత్తలేదు. ప్రసూన ఇక ఆ ప్రయత్నం మానుకుంది. రెండుసార్లు వండింది, రెండుసార్లూ మొగుడే తిన్నాడు, మూడోసారి వండి ఎవరికి పెట్టాలి అనుకుంది.

బుధవారం పొద్దున చంద్రమౌళికి రెస్ట్. పళ్లు తోముకుంటుంటే తల్లి ఉతికిన చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, వీధి గుమ్మంలో నిలబడి ఉంది. స్కూటర్ తియ్యమంది. ఆసుపత్రికా అని అడిగితే, బజారుకి అంది.

వాన చినుకుల్లో బుధవారీ బజార్ దాకా ఆవిడ స్కూటర్ వెనక అడ్డంగా కూర్చుని కొడుకు భుజం పట్టుకుంది. అక్కడ టార్పాలిన్ కింద ఎండుచేపల గుట్టల ముందు కూర్చున్న ఛత్తీస్‌గఢీ ఆడమనిషి, ఈ ముసలావిడను చూసి కొత్తమనిషనుకుని ముందు వరసవైపు చెయ్యి ఊపింది. అప్పలనర్సమ్మ ఆ చేతిని పట్టించుకోలేదు. చాలాకాలంగా రాని బజారు. అయినా ముందు వరసలో మెరుస్తున్న నెత్తళ్లను ముట్టకుండా, వెనక గోనె కిందికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు పైకి తీసింది. ఒకటి విరిచి వాసన చూసింది. ఇంకొకటి విరిచింది.

"యే గీలా హై" అంది. "ఎండనేదు. నాకు సూపించకు. లోపల్ది తియ్యి."

ఆడమనిషి ఈసారి కూర్చున్నచోటు నుంచి సర్దుకుని, లోపలి గంప ముందుకు లాగింది. చంద్రమౌళి గొడుగు తల్లి మీదికి వంచి పట్టుకున్నాడు. ఆవిడ గంపలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఒక్కొక్క నెత్తల్నీ ఏరుతూ, ఇంటికి వెళ్లాక వంకాయలు ఎంత ముక్కలుగా కొయ్యాలో, చింతపండు ఎంత నానెయ్యాలో, ప్రసూనకు ఏమేం చెప్పాలో వరసగా చెప్పుకుపోతోంది. మధ్యలో ఒకసారి తలెత్తి, శంకరరావు పెళ్లాం పులుపు తక్కువేసీది, మీసం వాసనలోనే తెలిసిపోయీది, ఆ మనిషికి వంట రాదు, అయినా తినీవోడు అని, మళ్లీ గంపలోకి వంగింది.